టికెట్‌లో 3:50కి బయలుదేరి 16:10కి దిగితే 22 గంటలు ఎలా అవుతుంది? +1, +2 ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

ప్రశ్న: అమ్మానాన్నలు జూన్‌లో హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్‌కి, మా దగ్గరికి వస్తున్నారు. తిరుగు ప్రయాణం నవంబరులో. టికెట్ ప్రకారం తెల్లవారుజామున 3:50కి ఎక్కి అదే రోజు సాయంత్రం 4:10కి డాలస్‌లో దిగుతారు. అంటే పన్నెండు గంటల ఇరవై నిమిషాలు. కానీ కింద 22h 50m అని ఉంది. తిరుగు ప్రయాణానికి సైట్‌లో +2 అని చూపించింది, టికెట్‌లో మాత్రం +1 అని ఉంది. పైగా 10:30 గంటల తేడాతో నేను లెక్కేస్తే 21 గంటల 20 నిమిషాలు వస్తోంది, టికెట్‌లో 20h 20m ఉంది. టికెట్ తప్పా, నా లెక్క తప్పా? అసలు వాళ్ళు ఎయిర్‌పోర్ట్‌కి ఏ రోజు వెళ్ళాలి?

సమాధానం:

టికెట్‌లో తప్పేమీ లేదు. మీ అమ్మానాన్నలు ఇంట్లోంచి బయలుదేరాల్సింది జూన్ 11, గురువారం రాత్రి. ముందు ఫోన్ చేసి ఈ ఒక్క మాట చెప్పేయండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదవొచ్చు.

హైదరాబాద్‌లో చాలా ఏళ్ళు టికెట్ కౌంటర్‌లో పనిచేశాను. ఫ్లైట్ తప్పిపోయినవాళ్ళలో ట్రాఫిక్‌లో చిక్కుకున్నవాళ్ళకంటే తేదీ తప్పుగా చదివి ఒక రోజు ఆలస్యంగా వచ్చినవాళ్ళే నన్ను ఎక్కువ బాధపెట్టేవాళ్ళు. అందుకే మీ టికెట్‌నే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చెబుతాను. మీరు పంపిన వివరాలు ఇవి:

```
FRI 12JUN  HYD 03:50  DOH 05:45       4h 25m
FRI 12JUN  DOH 08:10  DFW 16:10      16h 00m
                         Total       22h 50m

FRI 20NOV  DFW 18:40  DOH 18:00 +1   14h 20m
SAT 21NOV  DOH 20:00  HYD 02:30 +1    4h 00m
                         Total       20h 20m
```

ఇందులో ప్రతి టైమూ పక్కనున్న ఊరిదే. HYD పక్కన ఉన్నది శంషాబాద్‌లో గోడ గడియారం చూపించే టైము. DOH పక్కన ఉన్నది దోహా టైము, DFW పక్కన ఉన్నది డాలస్ టైము. తేదీ కూడా అంతే, ఆ ఊళ్ళో ఆ క్షణానికి క్యాలెండర్‌లో ఉన్న తేదీ. బయలుదేరే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. కాబట్టి ఒక లైన్లో ఉన్న రెండు టైముల్ని నేరుగా ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. మీకు పన్నెండు గంటల ఇరవై నిమిషాలు వచ్చింది అందుకే. నిజంగా గాలిలోనూ ఎయిర్‌పోర్ట్‌లోనూ గడిచే సమయం కావాలంటే చివర్న ఉన్న 22h 50m చూడాలి. అది ఏ ఊరి గడియారానికీ సంబంధం లేకుండా, స్టాప్‌వాచ్ పెట్టి కొలిచినట్టు లెక్కేసింది.

ఇలా ఎందుకు అచ్చువేస్తారని చాలామంది అడుగుతారు. మొత్తం ఇండియా టైములోనే ఇచ్చేస్తే మనకి సుఖమే కదా అని. కానీ దోహాలో దిగిన మనిషి చుట్టూ ఉన్న ప్రతి బోర్డూ, ప్రతి అనౌన్స్‌మెంటూ దోహా టైములోనే ఉంటాయి. డాలస్‌లో వాళ్ళ కోసం ఎదురుచూసే మీ గడియారం డాలస్ టైములో ఉంటుంది. ఏ ఊళ్ళో ఆ కాగితం చూసుకుంటే ఆ ఊరి గడియారంతో సరిపోవాలి, అంతే ఉద్దేశం.

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న చోటికి వస్తాను. అది డాలస్ వైపు లేదు, హైదరాబాద్ వైపే ఉంది. టికెట్‌లో తేదీ అర్ధరాత్రి 00:00కి మారుతుంది. మన ఇళ్ళల్లో రోజు మారేది తెల్లారితేనే. పంచాంగంలో వారం లెక్క కూడా సూర్యోదయం నుంచి సూర్యోదయానికే. అందుకే మన పెద్దవాళ్ళు తెల్లవారుజామున మూడు గంటల్ని ‘గురువారం రాత్రి మూడింటికి’ అంటారు. టికెట్ దాన్నే శుక్రవారం అంటుంది. రెండూ ఒకే క్షణం. ఫోన్‌లో మీరు ‘పన్నెండో తేదీ ఫ్లైట్, రాత్రి 3:50కి’ అని చెబితే మీ నాన్నగారు పన్నెండో తేదీ పగలంతా సామాను సర్దుకుని, ఆ రాత్రికి కారు మాట్లాడుకుంటారు. అప్పటికి ఫ్లైట్ వెళ్ళిపోయి దాదాపు ఇరవై గంటలు అవుతుంది.

నేను పనిలో చేరిన కొత్తలో సరిగ్గా ఇదే జరిగింది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన దంపతులు, కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. ఫ్లైట్ పదిహేనో తేదీ 00:40కి. పదిహేనో తేదీ రాత్రి తొమ్మిదింటికి, పచ్చళ్ళ డబ్బాలతో సహా, ముందుగానే వచ్చేశామన్న సంతోషంతో ఎయిర్‌పోర్ట్‌కి చేరారు. కౌంటర్‌లో పేరు లేదన్నారు. నాకు ఫోన్ చేసి ‘బాబూ, పదిహేను అనే కదా రాశావు’ అని ఆమె అన్న మాట ఇప్పటికీ గుర్తే. నేను రాసింది నిజమే. కానీ పద్నాలుగో తేదీ రాత్రి బయలుదేరాలి అని నోటితో చెప్పలేదు. ఆ తర్వాత నేను ఇచ్చిన ప్రతి టికెట్ మీదా, ఫ్లైట్ అర్ధరాత్రికీ తెల్లవారుజాము ఐదింటికీ మధ్య ఉంటే, పెన్నుతో ‘ఫలానా వారం రాత్రి ఇంట్లోంచి బయలుదేరాలి’ అని రాసి ఇచ్చేవాణ్ణి.

ఇలా మొదటి ఫ్లైట్ ఎక్కకపోతే పోయేది అదొక్కటే కాదని కూడా తెలుసుకోవాలి. మామూలుగా ఒకే టికెట్‌లో ఉన్న మిగతా ఫ్లైట్లన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, సిస్టమ్‌లో వాటంతటవే రద్దవుతాయి. ఏ కారణం వల్లయినా ఆ రోజు వెళ్ళలేరని తెలిస్తే, ఫ్లైట్ బయలుదేరక ముందే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి మార్పించుకోవాలి. బయలుదేరాక చేసిన ఫోన్‌కి ఖర్చు చాలా ఎక్కువ అవుతుంది.

మీ వాళ్ళ విషయంలో వెనక్కి లెక్కేద్దాం. 3:50 ఫ్లైట్‌కి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలంటే 12:50. అంటే వాళ్ళు లోపలికి అడుగుపెట్టే వేళకి తేదీ అప్పుడే పన్నెండు అయి ఉంటుంది. కానీ ఇల్లు వదిలేది పదకొండో తేదీనే. కూకట్‌పల్లి నుంచి అయితే గురువారం రాత్రి పదకొండింటికి, హనుమకొండ నుంచి అయితే అదే రోజు రాత్రి ఎనిమిదింటికి కారు ఎక్కాలి. చాలా ఎయిర్‌లైన్లు అంతర్జాతీయ ఫ్లైట్లకి గంట ముందు చెక్-ఇన్ కౌంటర్ మూసేస్తాయి కాబట్టి ఈ మూడు గంటల్లో కోత పెట్టకండి.

ఇక +1 సంగతి. దాని అర్థం ఇంతే: దిగే ఊళ్ళో ఆ క్షణానికి ఉన్న తేదీ, ఎక్కిన ఊళ్ళో ఎక్కినప్పటి తేదీ కంటే ఒకటి ఎక్కువ. ప్రయాణం ఎంతసేపు అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. హైదరాబాద్‌లో రాత్రి 23:00కి ఎక్కి నాలుగున్నర గంటల్లో సింగపూర్ చేరితే అక్కడ ఉదయం 06:00 అవుతుంది, పక్కన +1 ఉంటుంది. మీ వాళ్ళు దాదాపు ఇరవై మూడు గంటలు ప్రయాణం చేస్తారు, అయినా +1 లేదు, ఎందుకంటే పడమటికి వెళ్ళేకొద్దీ గడియారం వెనక్కి జరుగుతుంది. −1 కూడా ఉంటుంది. టోక్యోలో అర్ధరాత్రి దాటగానే ఎక్కి పది గంటల్లో లాస్ ఏంజిలిస్‌లో దిగితే అక్కడ ఇంకా ముందు రోజు సాయంత్రమే.

మీకు రెండు చోట్ల రెండు అంకెలు కనబడ్డాయి కదా, +1, +2. రెండూ సరైనవే, మొదలుపెట్టిన చోటు వేరు. టికెట్‌లో ఒక్కో ఫ్లైట్‌కి ఒక్కో లైన్ ఉంటుంది. అక్కడ +1 ఆ లైన్ మొదట్లో ఉన్న తేదీకే కలపాలి. దోహాలో ఎక్కేది 21 నవంబరు, దానికి +1 అంటే 22. సైట్‌లో మొత్తం ప్రయాణాన్ని ఒకే లైన్లో `DFW 18:40 – HYD 02:30 +2` అని చూపించి ఉంటారు. అక్కడ లెక్క డాలస్‌లో ఎక్కిన 20వ తేదీ నుంచి. దానికి +2 అంటే 22. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, టికెట్‌లో రెండో లైన్‌లోని +1 చూసి దాన్ని ప్రయాణం మొదలైన 20వ తేదీకి కలిపేస్తారు. అప్పుడు 21 వస్తుంది. మీ తమ్ముడో బాబాయో శంషాబాద్‌లో ఒక రాత్రంతా ముందే వచ్చి నిలబడతారు. ఏ లైన్‌లోని +1కి ఆ లైన్‌లోని తేదీయే ఆధారం అని పట్టుకుంటే చాలు.

ఇప్పుడు మీ లెక్కలో వచ్చిన ఒక గంట తేడా. ఇది మంచి ప్రశ్న. టికెట్ సరిచూసుకోవడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది, అందులోనే జవాబు దొరుకుతుంది. అన్ని టైముల్నీ ఒకే గడియారంలోకి తెచ్చేయాలి. మనకి సులువైనది ఇండియా టైము, ఎందుకంటే మన గడియారం ఏడాదిలో ఎప్పుడూ మారదు. దోహాది కూడా మారదు, మనకంటే ఎప్పుడూ రెండున్నర గంటలు వెనక. డాలస్‌దే మారుతుంది.

వచ్చేటప్పటిది చూడండి. హైదరాబాద్‌లో ఎక్కేది 3:50. దోహాలో దిగేది అక్కడ 5:45, మన టైములో 8:15. మధ్యలో నాలుగు గంటల ఇరవై ఐదు నిమిషాలు, టికెట్‌తో సరిపోయింది. దోహాలో మళ్ళీ ఎక్కేది 8:10. ఆగే సమయానికి అసలు మార్చాల్సిన పనే లేదు, రెండూ దోహా టైములే కాబట్టి నేరుగా తీసేయొచ్చు: రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. డాలస్‌లో దిగేది 16:10. జూన్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, కాబట్టి మన టైములో అర్ధరాత్రి దాటి 2:40, తేదీ 13. పన్నెండో తేదీ 3:50 నుంచి పదమూడో తేదీ 2:40కి ఇరవై రెండు గంటల యాభై నిమిషాలు. నిమిషం తేడా లేదు.

తిరుగు ప్రయాణానికి మీరు అదే పదిన్నర వాడారు. అక్కడే జారింది. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుతారు, మళ్ళీ మార్చి రెండో ఆదివారం ముందుకి తిప్పుతారు. నవంబరు 20 నాటికి తిప్పేసి ఉంటారు కాబట్టి తేడా పదకొండున్నర గంటలు. డాలస్‌లో 18:40 అంటే మన టైములో 21వ తేదీ ఉదయం 6:10. హైదరాబాద్‌లో దిగేది 22వ తేదీ 2:30. ఇరవై గంటల ఇరవై నిమిషాలు, టికెట్‌లో ఉన్నదే. జూన్‌లో బుక్ చేస్తూ ఆ రోజు గడియారంలో ఉన్న తేడాతో నవంబరు ప్రయాణాన్ని లెక్కేస్తే అందరికీ ఇలా సరిగ్గా ఒక గంటే తప్పుతుంది. కాబట్టి మీ లెక్క టికెట్‌తో సరిగ్గా ఒక గంట తేడాగా వస్తే ముందు ఈ గడియారం మార్పునే అనుమానించండి. ఐదు గంటలో, పన్నెండు గంటలో తేడా వస్తే am, pm దగ్గరో, తేదీ దగ్గరో చదవడంలో పొరపాటు ఉంటుంది. యూరప్ మీదుగా వెళ్ళేవాళ్ళకి ఇంకో చిక్కు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో గడియారం మార్చేది మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో. అమెరికా తేదీలకీ వాటికీ మధ్య వారం నుంచి మూడు వారాల వరకూ ఎడం ఉంటుంది.

ఇంకో మాట. ఎయిర్‌లైన్లు కూడా అక్టోబరు చివర్లో చలికాలం టైమ్‌టేబుల్‌కి మారతాయి. నెలల ముందే కొన్న నవంబరు టికెట్‌లో టైములు కొంచెం జరగడం మామూలే. అక్టోబరులో ఒకసారి మళ్ళీ బుకింగ్ తెరిచి చూడండి. అప్పుడు ముఖ్యంగా చూడాల్సింది దోహాలో మిగిలే ఆ రెండు గంటలు తగ్గాయా అని.

కాగితం మీద అంతా సరిగ్గా అర్థమైనా దోహాలో ఫోన్ దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. ఇది మా ఇంట్లోనే జరిగింది. మా పెద్దమ్మ, పెదనాన్న అదే దారిలో వెళ్ళారు. రోమింగ్ లేదు. దోహాలో దిగేసరికి పెదనాన్న ఫోన్‌లో ఎనిమిదిన్నర. చేతిలో ఉన్న బోర్డింగ్ పాస్ మీద రెండో ఫ్లైట్ 8:20. ఫ్లైట్ వెళ్ళిపోయిందనుకున్నారు. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దమ్మని చేయి పట్టుకుని ఆ పొడవాటి దారుల్లో పరుగెత్తించారు. నిజానికి అక్కడ టైము ఉదయం ఆరే, ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాలు ఉంది. ఫోన్ మామూలుగా అక్కడి నెట్‌వర్క్ దొరికితేనే టైము మార్చుకుంటుంది. సిమ్ పనిచేయకపోతే ఇండియా టైమే చూపిస్తూ ఉండొచ్చు. మీ వాళ్ళు దిగే క్షణానికి ఆ ఫోన్ 8:15 చూపిస్తుంది, వాళ్ళ తర్వాతి ఫ్లైట్ 8:10. అదే భయం, అదే పరుగు. కాబట్టి ఇప్పుడే చెప్పి ఉంచండి: దోహాలో ఫోన్ వైపు చూడొద్దు, గోడ మీద ఫ్లైట్ల బోర్డులో పైన ఉన్న టైము చూడమనండి.

పడమటికి వెళ్ళేటప్పుడు ఈ పొరపాటు కంగారుతో పోతుంది. తూర్పుకి వెళ్ళేటప్పుడు ఫ్లైటే పోతుంది. సింగపూర్‌లో ఫ్లైట్ మారేవాళ్ళ ఫోన్ ఇండియా టైములోనే ఉంటే అది రెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఇంకా చాలా టైముంది అనుకుంటూ కూర్చుంటారు, ఈలోగా గేట్ మూసేస్తారు.

మీ ఫోన్ క్యాలెండర్‌లో కూడా జాగ్రత్త. డాలస్‌లో కూర్చుని జూన్ 12, 3:50 అని ఎక్కించి దాన్ని నాన్నగారికి పంపితే, అది డాలస్ 3:50 అనుకుని ఆయన ఫోన్‌లో మధ్యాహ్నం 2:20 అని చూపిస్తుంది. ఎక్కించేటప్పుడు టైమ్ జోన్ దగ్గర కోల్‌కతా అని మార్చండి, ఇండియా టైముకి అక్కడ ఉండే పేరు అదే. లేదా క్యాలెండర్ జోలికే వెళ్ళకుండా మెసేజ్ పంపండి. పెద్దవాళ్ళకి నేను అదే చెబుతాను.

తిరిగి వచ్చే రోజుకి కూడా ఆ అర్ధరాత్రి గండం ఉంది. 22వ తేదీ ఆదివారం 02:30 అంటే మన మాటల్లో శనివారం రాత్రి. కారు బుక్ చేసేవాళ్ళు యాప్‌లో 22 అనే పెట్టాలి, కానీ ఇంట్లోంచి బయలుదేరేది శనివారం రాత్రి. ఆ రాత్రికి ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్ గది కావాలంటే 21వ తేదీకి తీసుకోవాలి. 22కి తీసుకుంటే గది ఇచ్చేది ఆదివారం మధ్యాహ్నమే, అప్పటిదాకా ఆ వయసులో లాబీలో కూర్చోవాల్సి వస్తుంది.

మీ వాళ్ళకి పంపడానికి మెసేజ్ నేనే రాసిస్తున్నాను. ఊరు, బయలుదేరే వేళ మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

‘నాన్నా, జూన్ 11 గురువారం రాత్రి భోజనం చేసి 11 గంటలకి కారు ఎక్కండి. ఫ్లైట్ ఆ రాత్రే, తెల్లవారితే శుక్రవారం అనగా 3:50కి. దోహాలో దిగాక అక్కడి బోర్డు మీద టైము చూడండి, ఫోన్‌లో టైము చూడొద్దు. అక్కడ రెండు గంటల పైనే ఖాళీ ఉంటుంది, నెమ్మదిగా నడవండి. శుక్రవారం సాయంత్రం 4:10కి ఇక్కడ దిగుతారు, అప్పుడు మన ఇంటి దగ్గర శనివారం తెల్లవారుజాము 2:40 అవుతుంది. నేను బయట నిలబడి ఉంటాను.’